ఇల్లు ఖాళీ చేస్తానని ఈమెయిల్ పెడితే జర్మనీలో చెల్లుతుందా?

ప్రశ్న: లైప్‌జిగ్‌లో మొదటిసారి సొంతంగా ఇల్లు అద్దెకు తీసుకున్నాను. కల్ట్‌మీటె (అసలు అద్దె) 450 యూరోలు, నేబెన్‌కోస్టెన్ (అదనపు ఖర్చులు) 150, కౌట్సియోన్ (డిపాజిట్) 1,350. సెప్టెంబరు ఆఖరుకు ఖాళీ చేస్తానని జూన్ 28న మెయిల్ పెడితే ఓనర్ "అందింది" అన్నారు. ఇప్పుడు ఆగస్టులో అది చెల్లదంటున్నారు. మ్యూనిక్‌లో ఉద్యోగం వచ్చింది, నిద్ర పట్టడం లేదు. చివరి నెలల అద్దె కట్టకుండా డిపాజిట్‌లో పట్టుకోమంటే సరిపోతుందా?

జవాబు: మీ ఓనర్ చెప్పిందే కరెక్ట్. జర్మన్ సివిల్ కోడ్ 568వ సెక్షన్ ప్రకారం ఇంటి అద్దె ఒప్పందం రద్దు చేసే నోటీసు కాగితం మీద, పెన్నుతో చేసిన సంతకంతో ఉండాలి. మెయిల్, వాట్సాప్, స్కాన్ కాపీ పనికిరావు. "అందింది" అంటే ఒప్పుకున్నట్టు కాదు. జర్మన్ భాష రాకపోతే అద్దె ఒప్పందం మీద సంతకానికి ముందే దాన్ని ఎవరిచేతనైనా చదివించుకోవాల్సింది, అర్థం కాలేదన్న మాట కోర్టులో నిలబడదు.

అద్దెదారు నోటీసు గడువు మామూలుగా మూడు నెలలు. నెలలో మూడో పనిదినం లోపు ఉత్తరం ఓనర్‌కు చేరితేనే ఆ నెల లెక్కలోకి వస్తుంది. సెప్టెంబరు మూడో పనిదినం లోపు చేరితే నవంబర్ 30తో ఒప్పందం ముగుస్తుంది, ఒక్కరోజు ఆలస్యమైతే డిసెంబర్ 31. అయితే ముందు ఒప్పందంలో క్యుండిగుంగ్స్‌ఫెర్‌త్సిష్ట్ అనే మాట ఉందేమో చూడండి, ఉంటే కొంతకాలం నోటీసే ఇవ్వలేని షరతు ఉన్నట్టు.

ఉత్తరం మీద ఒప్పందంలో ఉన్న అద్దెదారులందరూ సంతకం చేయాలి. ఒక స్నేహితుడికి ఉత్తరం చదివించి, అతనిచేతే కవర్‌లో పెట్టించి ఓనర్ పోస్ట్‌బాక్స్‌లో వేయించండి, తేదీ, సమయం రాయించుకోండి. చేరిందని నిరూపించాల్సింది మీరే. సంతకం పెట్టి తీసుకోవాల్సిన రిజిస్టర్డ్ పోస్ట్ వద్దు, ఇంట్లో ఎవరూ లేకపోతే అది పోస్టాఫీసులో ఆగిపోతుంది, ఈలోగా గడువు దాటిపోతుంది.

అద్దె ఆపేసి డిపాజిట్‌లో పట్టుకోమనడం మాత్రం అస్సలు చేయొద్దు. రెండు నెలల అద్దె బాకీ పడితే ఓనర్ వెంటనే ఖాళీ చేయమని నోటీసు ఇవ్వవచ్చు, పైగా బాకీకి దావా వేస్తే ఖర్చులు కూడా మీ మీదే పడతాయి.

నవంబర్ కంటే ముందే వెళ్ళాలంటే ఒక దారి ఉంది. ఇద్దరూ ఒప్పుకుని ఆఫ్‌హెబుంగ్స్‌ఫెర్‌ట్రాగ్, అంటే పరస్పర అంగీకారంతో రద్దు పత్రం రాసుకోవడం. కొత్త అద్దెదారుని చూపిస్తే ఓనర్ మెత్తబడవచ్చు, కానీ ఒప్పుకోవాల్సిన బాధ్యత మాత్రం ఆయనకు లేదు. అందుకే అది రాతలో వచ్చేదాకా అసలు నోటీసు ఆపకండి.

ఖాళీ చేసే రోజు మీటర్ రీడింగులు, ఫొటోలతో అప్పగింత పత్రం ఇద్దరూ సంతకం చేసేలా చూడండి. ఇంటికి నష్టం జరిగిందన్న క్లెయిమ్‌కు ఓనర్‌కు తాళాలు తిరిగి అందినప్పటి నుంచి ఆరు నెలలే గడువు. నేబెన్‌కోస్టెన్ పక్కన ఫోరావుస్‌త్సాలుంగ్ అని ఉంటే మీరు కట్టే 150 అడ్వాన్స్ మాత్రమే, దాని లెక్క లెక్కల సంవత్సరం ముగిశాక 12 నెలల్లో రావాలి. అది తేలేదాకా డిపాజిట్‌లో కొంత భాగం ఆపుకునే హక్కు ఆయనకు ఉంది, మొత్తం ఆపడం కుదరదు. మ్యూనిక్ అడ్రస్, బ్యాంక్ ఖాతా నంబర్ అప్పగింత పత్రంలోనే రాసివ్వండి.