జాయినింగ్ డేట్ రాలేదు, జూన్‌లో ఈఎంఐ మొదలవుతుంది

ప్రశ్న: సార్, మాది ప్రొద్దుటూరు. 2025 మేలో బీటెక్ అయిపోయింది. ఫైనలియర్‌లోనే క్యాంపస్‌లో ఒక ఐటీ కంపెనీకి 3.6 లక్షల ప్యాకేజీతో సెలెక్ట్ అయ్యాను. మొదట ఆగస్టు అన్నారు, తర్వాత డిసెంబరు అన్నారు. ఇప్పుడు ‘బిజినెస్ అవసరాన్ని బట్టి తెలియజేస్తాం’ అని మెయిల్ వస్తోంది. గ్రామీణ బ్యాంకులో 4 లక్షల ఎడ్యుకేషన్ లోన్ ఉంది, 2026 జూన్ నుంచి ఈఎంఐ కట్టాలి. నాన్న బట్టల షాపులో గుమస్తా, జీతం 18 వేలు. బెంగళూరులో ఒక కన్సల్టెన్సీ వాళ్లు 1.2 లక్షలు కడితే ట్రైనింగ్ ఇచ్చి జాబ్ గ్యారంటీ అంటున్నారు. అమ్మ తన బంగారం కుదువ పెడదామంటోంది. ఏం చేయమంటారు? కంపెనీ మీద కేసు వేయొచ్చా?

జవాబు: అమ్మగారి బంగారం బయటికి తీయకండి. ఆ 1.2 లక్షలు కట్టొద్దు. బయట వ్యాపారి దగ్గర నూటికి రెండు రూపాయల వడ్డీకి పెడితే నెలకు 2,400 అవుతుంది. బ్యాంకులో పెడితే వడ్డీ తగ్గుతుంది, కానీ నేను వద్దంటున్నది వడ్డీ గురించి మాత్రమే కాదు. గ్యారంటీ అనే మాటను కాగితం మీద రాసివ్వమనండి, ఫీజు మొదటి జీతం వచ్చాక కడతానని చెప్పండి. ఈ రెండింటికీ ఒప్పుకునే కన్సల్టెన్సీ నాకింతవరకు కనిపించలేదు. ఇలాంటి చోట్ల కొందరు ఫ్రెషర్‌కి రెండేళ్ల అనుభవం ఉన్నట్టు దొంగ సర్టిఫికెట్ తయారుచేసి ఇంటర్వ్యూకి పంపిస్తారు. కంపెనీలు బ్యాక్‌గ్రౌండ్ చెక్‌లో పీఎఫ్ రికార్డు చూస్తాయి, అక్కడ ఆ రెండేళ్లు కనిపించవు. అలా దొరికితే కొత్త ఉద్యోగం పోతుంది, ఇప్పుడు చేతిలో ఉన్న క్యాంపస్ ఆఫర్ కూడా పోతుంది.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. కంపెనీ ఎప్పుడు పిలుస్తుందో మీ చేతిలో లేదు. జూన్‌లో ఏం జరగాలో మాత్రం చాలావరకు మీ చేతిలోనే ఉంది. అందుకే ముందు బ్యాంకుకు వెళ్లండి, అదీ ఏప్రిల్‌లోనే.

ఎందుకో లెక్కతో చెప్తాను. మీరు 2021 నుంచి ఏటా సెప్టెంబరులో లక్ష చొప్పున తీసుకున్నారని, వడ్డీ 10 శాతమని అనుకుందాం. చదువుకునే కాలానికి, ఆ తర్వాతి ఏడాదికి మారటోరియం ఉంటుంది. అప్పుడు వాయిదాలు కట్టనక్కర్లేదు, కానీ వడ్డీ బారువడ్డీగా లెక్కకు చేరుతూనే ఉంటుంది. మొదటి లక్షకు 2026 మే చివరికి నాలుగేళ్ల తొమ్మిది నెలల వడ్డీ అవుతుంది. తర్వాతి లక్షలకు ఒక్కో ఏడాది తగ్గుతూ వస్తుంది. అన్నీ కలిపితే 1.3 లక్షలు. అంటే జూన్ నాటికి మీ అప్పు 4 లక్షలు కాదు, 5.3 లక్షలు. పదేళ్లలో తీర్చాలంటే ఈఎంఐ దాదాపు 7,000 వస్తుంది. నాన్నగారి జీతంలో ఇది మూడో వంతు కన్నా ఎక్కువ.

ఈ 1.3 లక్షల విషయంలో మీరు వెంటనే ఒకటి అడగాలి. తల్లిదండ్రుల వార్షికాదాయం 4.5 లక్షల లోపు ఉంటే మారటోరియం కాలపు వడ్డీని కేంద్రమే భరించే పథకం ఒకటుంది. బ్యాంకుల్లో దాన్ని సీఎస్ఐఎస్ అంటారు. నాన్నగారి ఆదాయం 2.16 లక్షలే, కాబట్టి ఆదాయం పరంగా మీరు అర్హులే. మీ కాలేజీకి న్యాక్ గుర్తింపు గానీ, మీ బీటెక్ బ్రాంచికి ఎన్‌బీఏ గుర్తింపు గానీ ఉండాలి. ఈ డబ్బును బ్యాంకే కేంద్రం నుంచి క్లెయిమ్ చేస్తుంది. తహసీల్దారు ఆఫీసు ఇచ్చే ఆదాయ ధ్రువపత్రం లోన్ ఫైల్లో లేకపోవడం వల్లనో, బ్యాంకు బ్రాంచిలో ఎవరూ పట్టించుకోకపోవడం వల్లనో చాలామందికి ఇది అందకుండా పోతోంది. మీ లోన్ స్టేట్‌మెంట్ తీసుకుని సబ్సిడీ జమ అయిందో లేదో చూడండి. కాలేదంటే ఏ సంవత్సరాలకు క్లెయిమ్ చేశారో మేనేజర్‌ను అడగండి, ధ్రువపత్రం మళ్లీ ఇవ్వండి. సబ్సిడీ పూర్తిగా వచ్చినట్టయితే మీ అప్పు 4 లక్షలకే ఆగుతుంది, పదేళ్లకు ఈఎంఐ 5,300 దగ్గరికి దిగుతుంది.

ఇక వాయిదా సంగతి. మన బ్యాంకులు ఎక్కువగా పాటించే బ్యాంకుల సంఘం వారి మోడల్ స్కీమ్‌లో, చదువు అయ్యాక ఉద్యోగం లేని కాలాన్ని చూసి లోన్ కాలవ్యవధిలో రెండు మూడుసార్లు మారటోరియం ఇవ్వొచ్చనే వెసులుబాటు ఉంది. తీర్చడానికి 15 ఏళ్ల దాకా గడువు ఇవ్వొచ్చని కూడా ఉంది. ఇది హక్కు కాదు, బ్యాంకు ఒప్పుకోవాలి. కానీ అడగని వాళ్లకు ఎవరూ ఇవ్వరు. అడిగేది కూడా ఈఎంఐ మొదలవకముందే అడగాలి. రెండు వాయిదాలు తప్పాక వెళ్తే అదే కోరిక వేరే రంగు పులుముకుంటుంది. అప్పటికే ఆలస్యం సిబిల్ రికార్డుకు ఎక్కి ఉంటుంది, మేనేజర్ కూడా మిమ్మల్ని బాకీదారుగానే చూస్తారు.

నోటితో చెప్పి రావొద్దు, అర్జీ రాసివ్వండి. ఇలా రాస్తే చాలు: ‘2025 మేలో కోర్సు పూర్తయింది. ఫలానా తేదీన క్యాంపస్ ఆఫర్ వచ్చింది. కంపెనీ జాయినింగ్‌ను వాయిదా వేస్తోంది, వారి మెయిళ్లు జతచేశాను. ప్రస్తుతం ఆదాయం లేదు. ఎడ్యుకేషన్ లోన్ నిబంధనల ప్రకారం ఈఎంఐని ఆరు నెలలు వాయిదా వేసి, ఆ కాలంలో వడ్డీ మాత్రం కట్టడానికి అనుమతించండి. తీర్చే గడువును 15 ఏళ్లకు మార్చండి.’ ఆఫర్ లెటర్, వాయిదా మెయిళ్ల ప్రింట్లు, మార్కుల జాబితా జతచేసి, రెండో కాపీ మీద తేదీతో బ్యాంకు ముద్ర వేయించుకోండి. మీది పాత ఆంధ్ర ప్రగతి గ్రామీణ బ్యాంకు లోన్ అయితే, ఆ బ్యాంకు 2025 మే 1 నుంచి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకులో కలిసిపోయింది, కాబట్టి అర్జీ కొత్త పేరు మీదే రాయండి. నెలలోపు జవాబు రాకపోతే, ఇచ్చిన జవాబు సరిగా లేకపోతే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు cms.rbi.org.in లో ఫిర్యాదు పెట్టొచ్చు. అంబుడ్స్‌మన్ మీకు మారటోరియం ఇప్పించకపోవచ్చు, కానీ బ్యాంకు చేత రాతపూర్వకంగా జవాబు చెప్పించడానికి అది పనికొస్తుంది.

ఒకటి గుర్తుంచుకోండి. పొడిగించిన కాలానికి వడ్డీ సబ్సిడీ రాదు. 4 లక్షల మీద నెలకు 3,300, 5.3 లక్షల మీద అయితే 4,400 వడ్డీ పడుతుంది. అందుకే అర్జీలో వడ్డీ మాత్రం కడతానని రాయమన్నాను. అప్పు పెరగదు, మీరు కడుతున్నట్టు రికార్డూ ఉంటుంది.

ఆ రికార్డు ఎందుకంత ముఖ్యమో కూడా చెప్పాలి. కట్టాల్సిన వాయిదా కట్టకుండా 90 రోజులు దాటితే లోన్ ఎన్‌పీఏ, అంటే మొండి బాకీ అవుతుంది, మచ్చ మీకూ, సహ రుణగ్రహీతగా సంతకం చేసిన నాన్నగారికీ పడుతుంది. మన వైపు ఐటీ దొరక్కపోతే నంద్యాల వెళ్లి బ్యాంకు కోచింగ్ తీసుకుందామనుకునే పిల్లలు చాలామంది. లోన్ ఎగ్గొట్టిన రికార్డు ఉన్నవాళ్లు నియామకానికి అర్హులు కారని స్టేట్ బ్యాంకు తన నోటిఫికేషన్లలోనే రాస్తుంది. ఇప్పుడు మూడు వాయిదాలు తప్పితే రేపు ఆ దారి కూడా మూసుకుపోవచ్చు.

కంపెనీతో ఏం చేయాలి? హెచ్ఆర్‌కు క్యాండిడేట్ ఐడీ వేసి ఒక మెయిల్ రాయండి. నా ఆఫర్ ఇంకా అమల్లో ఉందా, ప్యాకేజీ అదేనా, జాయినింగ్ ఏ త్రైమాసికంలో ఉండొచ్చు అని మూడే ప్రశ్నలు అడగండి. కాలేజీ ప్లేస్‌మెంట్ ఆఫీసర్‌ను కూడా అందులో పెట్టండి. ఆయన అడిగితే వచ్చే జవాబు మీరు ఒక్కరే అడిగితే రాదు. నెల తర్వాత కూడా పాత వాక్యమే వస్తే, లేదా మళ్లీ పరీక్ష రాయమంటే, పోర్టల్ లాగిన్ పనిచేయకపోతే ఆ ఆఫర్ మీద ఆశ బాగా తగ్గించుకోండి. కొన్నిసార్లు తక్కువ జీతానికి ఒప్పుకోమంటారు. 2023లో విప్రో 6.5 లక్షలకు తీసుకున్న ఫ్రెషర్లను 3.5 లక్షలకు చేరతారా అని అడిగింది. మీకూ అలా అడిగితే వెంటనే కాదనకండి, ఆలోచించుకోవడానికి కొన్ని రోజుల గడువు కోరుతూ మెయిల్‌లోనే జవాబివ్వండి.

కేసు విషయం. మీ లెటర్ ముందు చదవండి. చాలా ఆఫర్ లెటర్లలో కంపెనీ అవసరాన్ని బట్టి మార్చే, వెనక్కి తీసుకునే హక్కు తమకుందని రాసి ఉంటుంది. ఇంకా చేరలేదు కాబట్టి ఉద్యోగులకుండే చట్ట రక్షణ చాలావరకు మీకు వర్తించదు. ఒప్పందాల చట్టం 73వ సెక్షన్ కింద నష్టపరిహారం అడగొచ్చు, అయితే ఆ ఆఫర్ నమ్ముకుని ఇంకో ఉద్యోగం వదులుకున్నట్టు కాగితాలతో చూపాలి. అప్పుడు కూడా వచ్చేది రుజువైన నష్టం మాత్రమే, ఉద్యోగం కాదు. 3.6 లక్షల ప్యాకేజీకి ఏళ్ల తరబడి కోర్టు తిరగమని నేను చెప్పను. గుంపుగా కదిలితే మాత్రం కొంత ఫలితం కనిపించింది. 2022లో ఇన్ఫోసిస్ ఆఫర్ ఇచ్చి రెండేళ్లు ఆపిన దాదాపు 2,000 మంది తరఫున నైట్స్ అనే ఐటీ ఉద్యోగుల సంఘం 2024లో కేంద్ర కార్మిక శాఖకు ఫిర్యాదు చేసింది. ఆఫర్లన్నీ గౌరవిస్తామని కంపెనీ చెప్పింది, చాలామంది చేరారు. కానీ 2025 ఫిబ్రవరిలో మైసూరు శిక్షణ కేంద్రంలో అంతర్గత పరీక్షలు పాస్ కాలేదంటూ 300 మందికి పైగా ట్రైనీలను పంపేశారు. అందుకే మీకు జాయినింగ్ డేట్ వచ్చినా ట్రైనింగ్ పరీక్షలు దాటేవరకు జీతం ఖాయమని లెక్కలు వేసుకోకండి. బెంగళూరులో పీజీకి మూడు నెలల అడ్వాన్స్ లాంటివి అప్పు చేసి కట్టొద్దు.

ఈలోపు 12 వేలో 15 వేలో వచ్చే పని చూసుకోండి. ప్రొద్దుటూరులో అకౌంట్స్ పని కావచ్చు, కడపలో కంప్యూటర్ ఫ్యాకల్టీ కావచ్చు. వడ్డీ 4,400 అక్కడినుంచే వస్తుంది. ఇంట్లో తిండి, ఇంట్లో పడక, కాబట్టి మిగతాది నిల్వ అవుతుంది. ముందుగా ఆఫర్ లెటర్‌లో ‘ఫ్రెషర్‌గానే ఉండాలి’ అనే షరతు ఉందేమో చూడండి. ఉంటే ఆ పని చేసుకోవచ్చా అని కంపెనీని మెయిల్‌లో అడగండి. బాండ్ అడిగే చోట, ఒరిజినల్ సర్టిఫికెట్లు పెట్టుకునే చోట చేరకండి. నోటీస్ పీరియడ్ వీలైనంత తక్కువ ఉండేలా చూసుకోండి, ఎందుకంటే క్యాంపస్ కంపెనీ పిలిస్తే గడువు వారం పది రోజులే ఉండొచ్చు. ఆ కబురు వచ్చిన రోజే రాజీనామా మెయిల్ పెట్టి, రిలీవింగ్ లెటర్ తీసుకుని, పీఎఫ్‌లో బయటికి వచ్చిన తేదీ పడిందో లేదో చూసుకోండి. రెండు కంపెనీల తేదీలు ఒకదాని మీద ఒకటి పడితే ఆ ఆఫర్ మళ్లీ బ్యాక్‌గ్రౌండ్ చెక్‌లోనే ఆగిపోతుంది.