కచేరీకి ముందు శ్రుతి చూడండి

“ఇంట్లో ఏడుగురు పిల్లలకు సంగీతం చెబుతున్నాను. కచేరీకి కలిపి పాడిస్తే పై స్వరాల దగ్గర అరుస్తున్నారు. మానేసిన క్లాసులకు తల్లిదండ్రులు ఫీజు తగ్గించి ఇస్తున్నారు.”

అందరినీ మీ శ్రుతిలోనే పాడిస్తున్నట్టున్నారు. కొందరికి అది ఎత్తు.

1. చాలామంది వదిలేసే పని ఇదే: ఒక్కొక్కరినీ విడిగా పాడించండి. తంబురా 5 శ్రుతిలో పెట్టి, మలహరి గీతంలో తారస్థాయి రిషభం వచ్చే చోటు అడగండి. గడ్డం పైకి లేచినా, మెడ నరాలు బిగిసినా అర శ్రుతి దించి మళ్లీ చూడండి. కింది షడ్జం కూడా వినబడాలి. కుదిరిన శ్రుతిని పేరు పక్కన రాసుకోండి.

2. ఐదుగురికి 5, ఇద్దరికి 4 కుదిరితే నాలుగున్నరకు సర్దకండి; ఎవరికీ హాయిగా ఉండదు. రెండు జట్లు చేసి వేరే గీతాలు ఇవ్వండి. మధ్యలో తంబురా మార్చాక పిల్లలు ఒకసారి ‘స ప స’ అనుకోవాలి.

3. కచేరీ మొత్తం ఇరవై నిమిషాలు చాలు. చివరి రెండు వారాల్లో కొత్త పాఠం వద్దు.

4. ఫీజు క్లాసుకు కాదు, నెలకు: ఎనిమిది క్లాసులు, ఫీజు కట్టేది 5వ తేదీలోపు. పిల్లలు మానితే కోత లేదు, మీరు మానితే మరో రోజు చెబుతారు. వచ్చే నెల నుంచి అని కాగితం మీద రాసి ఇవ్వండి. నోటిమాటగా చెప్పి నేను రెండుసార్లు నష్టపోయాను.