హెడ్‌ఫోన్స్ మార్చకు తమ్మీ, ముందు అట్టపెట్టె వెతుకు

నాగర్‌కర్నూల్ నుంచి వచ్చి నెల కూడా కాని తమ్ముడొకడు అడిగాడు: "అన్నా, ల్యాప్‌టాప్‌లో సినిమా పెడితే పెదాలు ముందు కదులుతున్నాయి, మాట తర్వాత వినబడుతోంది. వేరే హెడ్‌ఫోన్స్ కొనాలా?"

కొనకు. ఆ తప్పు నీకంటే ముందే నేను చేశాను. డల్లాస్ వచ్చిన కొత్తలో ఒకే గదిలో నలుగురం ఉండేవాళ్లం, రాత్రి స్పీకర్ పెడితే తిట్లే. దేవరకొండలో నాన్న నా చదువుకు తెచ్చిన అప్పు మీద మిత్తి పెరుగుతూనే ఉంది. అయినా 60 డాలర్లు పెట్టి బ్లూటూత్ హెడ్‌ఫోన్స్ కొన్నాను. సినిమాలో హీరో నోరు మూసుకున్నాక డైలాగు వచ్చేది.

సరుకు పాడైందనుకున్నాను, కాదు. కంప్యూటర్ ధ్వనిని కోడెక్ అనే కుదింపు పద్ధతితో చిన్నది చేసి పంపుతుంది. తెగిపోకుండా ఉండడానికి హెడ్‌ఫోన్స్ దాన్ని కాస్త నిల్వ చేసుకుని, విప్పి వినిపిస్తాయి. అందరి దగ్గరా ఉండే ఎస్‌బీసీ కోడెక్‌తో ఇదంతా అయ్యేసరికి సుమారు 150 నుంచి 250 మిల్లీసెకన్లు పోతాయి. కొన్ని ప్లేయర్లు బొమ్మను కూడా అంతే ఆపి సర్దేస్తాయి. గేముల్లో ఆ సర్దుబాటు కుదరదు.

అప్పుడు ఎవరో చెప్పారని 35 డాలర్ల బ్లూటూత్ ట్రాన్స్‌మిటర్ డాంగిల్ తెచ్చాను. దాన్ని యూఎస్‌బీకి పెడితే కంప్యూటర్‌కు సౌండ్ కార్డులా కనిపిస్తుంది, కోడెక్ పని అదే చూసుకుంటుంది. మామూలు బ్లూటూత్ అడాప్టర్ అలా కాదు, ఆ పని విండోస్‌కే వదిలేస్తుంది. నా డాంగిల్‌లో 'ఆప్టెక్స్ లో-లేటెన్సీ' అనే కోడెక్ ఉంది, దానితో ఆలస్యం 40 మిల్లీసెకన్ల దాకా తగ్గుతుంది. కానీ ఆ కోడెక్ రెండు వైపులా ఉండాలి. నా హెడ్‌ఫోన్స్‌లో ఎస్‌బీసీ, ఏఏసీ మాత్రమే ఉన్నాయి. ఏ కోడెక్ నడుస్తోందో చెప్పే డాంగిల్ లైటు ఎస్‌బీసీ రంగు చూపిస్తుంటే రూపాయల్లోకి లెక్కేసుకుని రెండు రోజులు అన్నం సయించలేదు. వాపసు గడువు బిల్లు మీదే ఉంటుంది. నేను చూసుకునేసరికి దాటిపోయింది.

కాబట్టి నువ్వు పైసా తీయకముందు అదే సినిమాను ల్యాప్‌టాప్ స్పీకర్‌లో పెట్టు. అక్కడ కూడా మాట వెనకబడితే తప్పు ఫైల్‌దో ప్లేయర్‌దో, హెడ్‌ఫోన్స్‌ది కాదు. అక్కడ సరిగ్గా ఉండి హెడ్‌ఫోన్స్‌లోనే వెనకబడితే తప్పు బ్లూటూత్‌ది. వీఎల్‌సీ ప్లేయర్‌లో చూస్తుంటే J నొక్కు, ఒక్కో నొక్కుకు ధ్వని 50 మిల్లీసెకన్లు ముందుకు జరుగుతుంది. నాకు నాలుగు నొక్కులకు కుదిరింది, అంటే 200. మరీ ముందుకు పోతే K తో వెనక్కి తెచ్చుకో. బ్రౌజర్లో ఈ మీటలు పనిచేయవు.

బ్రౌజర్‌కు తీగే దారి. చాలా హెడ్‌ఫోన్స్‌కు 3.5 మిల్లీమీటర్ల రంధ్రం ఉంటుంది, తీగతో ఆలస్యం తెలియనే తెలియదు. ల్యాప్‌టాప్‌కు ఆ రంధ్రం లేకపోతే యూఎస్‌బీ-సీ అడాప్టర్ చాలు. తీగ పెట్టాక హెడ్‌ఫోన్స్ మైకు పనిచేయకపోవచ్చు, కాల్స్‌కు ల్యాప్‌టాప్ మైకు పెట్టుకో.

నా తీగ ఎక్కడ దొరికిందో తెలుసా? గది ఖాళీ చేసే రోజు, ఆ 60 డాలర్ల హెడ్‌ఫోన్స్ అట్టపెట్టెలోనే, ప్లాస్టిక్ సంచి కూడా విప్పకుండా.