యూసీ కోసం బిల్లు రాయించుకోవచ్చా?

ప్రశ్న: గుంటూరులో మాది చిన్న సొసైటీ. మహిళల కుట్టు శిక్షణకు ఒక కంపెనీ సీఎస్సార్ కింద రెండు విడతల్లో 12 లక్షలు ఇచ్చింది. మిషన్లకు 3,60,000 అనుకుంటే 3,12,000కే వచ్చాయి. టీచర్లకు 4,80,000 చాలక 5,52,000 అయింది. మిగతా పద్దులు బడ్జెట్ దాటలేదు. ఖాతాలో 17,000 మిగిలింది, వడ్డీ 6,200 వచ్చింది. ఏ పద్దయినా 10 శాతం దాటితే ముందే రాతపూర్వక అనుమతి కావాలని ఒప్పందంలో ఉంది. అప్పటి అధికారి ఫోన్లో సరేనన్నారు. ఇప్పుడాయన అక్కడ లేరు. మేం పైసా తినలేదండీ, నిద్ర పట్టడం లేదు. షాపాయన మిషన్లకు ఇంకో 48,000 బిల్లు రాసిస్తానంటున్నాడు. దానితో యూసీ, అంటే డబ్బు వినియోగ ధ్రువపత్రం, పంపవచ్చా?
– ఒక కార్యదర్శి, గుంటూరు

జవాబు: ఆ బిల్లు ముట్టుకోకండి. డబ్బు టీచర్ల ఖాతాలకు వెళ్లినట్టు బ్యాంకు స్టేట్‌మెంటే చెబుతోంది. మిషన్లకు 48,000 ఎక్కించాలంటే టీచర్ల వోచర్లలో అంత మొత్తం దాచాలి. బ్యాంకులో చెల్లింపు లేదు కాబట్టి నగదు ఇచ్చామని రాయాలి. ఒకరికి ఒకే రోజు 10,000 దాటి నగదు ఇస్తే, ఆదాయపన్ను లెక్కల్లో దాన్ని ధర్మకార్యానికి ఖర్చుగా ఒప్పుకోరు. ఇక కంపెనీవాళ్లు వచ్చి మిషన్లు లెక్కపెట్టి, సీరియల్ నంబర్లు బిల్లుతో సరిచూస్తే అక్కడికక్కడే బయటపడుతుంది. ఈ రోజుకు మీది ఒప్పందం మీద వచ్చిన సివిల్ తగాదా మాత్రమే. ఆ బిల్లు పుస్తకంలోకి ఎక్కితే లెక్కలు తారుమారు చేశారంటారు. భారతీయ న్యాయ సంహిత 344 కింద ఏడేళ్ల వరకూ శిక్ష ఉంది. సంతకం మీది, షాపాయనది కాదు.

పైసా తినలేదన్న మాట క్రిమినల్ కేసు వస్తే పనికొస్తుంది. ఒప్పందం తప్పారా లేదా అన్న ప్రశ్నకు అది జవాబు కాదు. అసలు ఎంత తప్పారో చూడండి. 4,80,000లో 10 శాతం, అంటే 48,000 వరకు అనుమతి అక్కర్లేదు. మీరు దాటింది 72,000. కాబట్టి తగాదా మొత్తం 24,000 మాత్రమే.

ఆ 24,000 సంగతి తేల్చేది ఒక్క విషయం: రెండో విడత ఇచ్చేనాటికి టీచర్ల ఖర్చు పెరిగిందని కంపెనీకి తెలుసా? మధ్యలో పంపిన నివేదికలో ఆ అంకె ఉండి, అది చూశాకే రెండో విడత వేసి ఉంటే, రాతపూర్వక అనుమతి షరతును వాళ్లే పట్టించుకోలేదని వాదించవచ్చు. కాంట్రాక్టు చట్టం 63వ సెక్షన్ అందుకు ఆధారం. ఫోన్ మాట ఒక్కటే అయితే బలం లేదు. ఫోన్ పెట్టేయగానే ‘మీరు చెప్పిన ప్రకారం చేస్తున్నాం’ అని రెండు ముక్కలు మెయిల్ చేసి ఉంటే ఈ ప్రశ్నే వచ్చేది కాదు. 12 లక్షలు తీసుకున్నవాళ్లకు అంత బద్ధకం పనికిరాదు. ఆ నివేదిక, మెయిల్, వాట్సాప్ ఏదున్నా ఇప్పుడే వెతికి పెట్టుకోండి. ఆ ఫోన్ అమ్మకండి. కోర్టుకు వెళితే ఆ మెయిల్, వాట్సాప్ రికార్డులకు భారతీయ సాక్ష్య అధినియం 63 కింద సర్టిఫికెట్ జతచేయాల్సి ఉంటుంది.

మూడేళ్లు ఊరుకుంటే కాలం చెల్లిపోతుందని ఎవరైనా చెబితే నమ్మి కూర్చోకండి. ఒప్పంద ఉల్లంఘన దావాకు గడువు మూడేళ్లే గానీ, నమ్మకద్రోహం కింద ఫిర్యాదుకు ఆ గడువు అడ్డురాదు. పైగా సీఎస్సార్ డబ్బు ఆమోదించిన పనికే ఖర్చయిందని కంపెనీ ఆర్థికాధికారి బోర్డుకు ధ్రువీకరించాలి. కాబట్టి వాళ్లు మిమ్మల్ని వదలరు.

యూసీతో పంపే ఖర్చుల స్టేట్‌మెంటులో ప్రతి పద్దుకూ మంజూరు, ఖర్చు, తేడా, కారణం, వోచర్ నంబర్లు రాయండి. టీచర్ల దగ్గర 72,000 ఎక్కువ అని ఉన్నదున్నట్టు చూపండి. మొత్తం ఖర్చు 11,83,000 రావాలి. వడ్డీ విడిగా ఒక వరుసలో ఉండాలి. మీ ఆడిటరు సర్టిఫికెట్ మీద యూడీఐఎన్ అనే గుర్తింపు నంబరు ఉందో లేదో చూసుకోండి. లేఖలో ఇలా రాయండి: ‘టీచర్ల పద్దులో 10 శాతం పరిమితికి మించిన 24,000 ఖర్చును ఫలానా తేదీ నివేదికలో తెలియజేశాం. దాన్ని ఆమోదించ ప్రార్థన. మిగులు 17,000, వడ్డీ 6,200, మొత్తం 23,200 మీ సూచన ప్రకారం తిరిగి చెల్లిస్తాం.’ నివేదికలో ఆ అంకె లేకపోతే ఆ మాట రాయకండి, కారణం చెప్పి ఆమోదం అడగండి. ‘72,000 దుర్వినియోగమైంది, కట్టేస్తాం’ లాంటి క్షమాపణ మాత్రం వద్దు. గడువులోపు బాకీ ఒప్పుకుంటూ సంతకం చేస్తే లిమిటేషన్ చట్టం 18వ సెక్షన్ ప్రకారం మూడేళ్లు మళ్లీ మొదటి నుంచి మొదలవుతాయి.

వాళ్లు ఆమోదించకపోతే 24,000 సొసైటీ సొంత నిధి నుంచి ప్రాజెక్టు ఖాతాకు బ్యాంకు ద్వారా జమచేయండి. కమిటీ తీర్మానం రాసుకోండి. సవరించిన స్టేట్‌మెంటులో టీచర్లకు గ్రాంటు నుంచి 5,28,000, సొంత నిధి నుంచి 24,000 అని చూపండి. అప్పుడు తిరిగి ఇవ్వాల్సింది 47,200 అవుతుంది. ఆ డబ్బు వేరే దాత గ్రాంటులోంచి తీస్తే మాత్రం ఇదే ఉత్తరం ఇంకొకరికి రాసుకోవాల్సి వస్తుంది.