ఇంట్లో ఇద్దరికీ ఒకే వేళకు తలనొప్పా? గీజర్ చూడండి

ప్రశ్న: తిరుపతిలో అద్దె ఇంట్లో ఉంటున్నాం. నెల రోజులుగా నాకు (38) పొద్దున్నే తలనొప్పి. మా అమ్మాయికీ (14) స్నానం చేశాక తల తిరుగుతోంది, స్కూలుకు వెళ్తే సర్దుకుంటుంది. వంట గ్యాస్ వాసన, తాలింపు ఘాటు పడక అనుకుంటున్నా. మెడికల్ షాపు మాత్రతో తగ్గుతోంది. ఆక్సీమీటర్‌లో 98 చూపిస్తోంది. బాత్రూంలో గ్యాస్ గీజర్ ఉంది, చలికి కిటికీ మూసేస్తాం. ఇది మైగ్రేనా? మంచి మాత్ర చెప్పండి.

డాక్టర్ సలహా: మాత్ర సంగతి తర్వాత. ముందు ఈరోజే ఆ గీజర్ ఆపేయండి.

మిమ్మల్ని చూడకుండా ఇదేనని తేల్చి చెప్పలేను. కానీ మైగ్రేన్ ఇద్దరికీ కూడబలుక్కుని రాదు. ఒకే ఇంట్లో ఇద్దరికి ఒకే వేళకు వచ్చి, బయటికెళ్తే తగ్గుతుంటే నేను మొదట అనుమానించేది కార్బన్ మోనాక్సైడ్‌ని. గాలి చాలక గ్యాస్ సరిగ్గా మండకపోతే ఈ విషవాయువు పుడుతుంది. దీనికి వాసన ఉండదు. సిలిండర్ లీకైనప్పుడు వచ్చే ఘాటు, మనం పసిగట్టాలని కలిపిన పదార్థానిది. అది వేరే ప్రమాదం.

ఆ 98 చూసి ధైర్యంగా ఉండకండి. ఈ వాయువు హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. వేలికి పెట్టే మిషన్ తేడా తెలియక దాన్నీ ఆక్సిజన్ లెక్కలోనే వేస్తుంది. కార్బాక్సీ హిమోగ్లోబిన్ రక్తపరీక్ష చేయించాలి, అదీ తలనొప్పి ఉన్నప్పుడే. మామూలు గాలిలో నాలుగైదు గంటలకే రక్తంలోని ఈ విషం సగానికి తగ్గిపోతుంది కాబట్టి సాయంత్రం తీరిగ్గా వస్తే నార్మల్ అని రావచ్చు.

కిందటి చలికాలం చిత్తూరు వైపు నుంచి ఒకామెను తీసుకొచ్చారు. మూడు వారాలు రోజూ మాత్రే. ఒకరోజు తలస్నానానికి వెళ్లి అరగంటైనా రాకపోతే తలుపు పగలగొట్టారు. ఆక్సిజన్ పెట్టాక కోలుకుంది. గీజర్ ఫొటో తెప్పించి చూస్తే పైరేకంతా మసి. మంట నీలంగా కాక పసుపుగా ఉండేదని భర్త అప్పుడు చెప్పాడు. మాత్ర నొప్పిని కప్పిపెట్టింది, గీజర్ మాత్రం రోజూ మండింది. మీరూ ఇదే చేస్తున్నారమ్మా, నెల రోజులు ఎందుకు ఆగారు? పైగా నెలలో 10, 15 రోజులు నొప్పి మాత్రలు మింగుతూ పోతే వాటివల్లే తలనొప్పి పట్టుకుంటుంది.

ఇంటి ఓనరుతో మాట్లాడి గీజర్‌ను బాత్రూం బయట, గాలి ఆడేచోట పెట్టించండి, లోపలికి వేడినీళ్ల పైపు ఒక్కటే రావాలి. ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఉందిలే అని లోపలే ఉంచకండి. గీజర్ ఆపాక కూడా నాలుగు రోజుల్లో తగ్గకపోతే ఫిజీషియన్‌కు చూపించుకోండి. ఈలోగా వాంతులు, మత్తు, ఛాతీనొప్పి, తూలడం ఏది కనిపించినా ఇద్దరూ వెంటనే ఆరుబయటికి వచ్చి 108కి ఫోన్ చేయండి. ఇంట్లో గ్యాస్ గీజర్ ఉందని అక్కడి డాక్టరుకు మీరే ముందుగా చెప్పండి.