మిషను పక్కన పెట్టాకే నా బీపీ దిగింది

"ఉన్నట్టుండి గుండె దడదడలాడి బీపీ 170, 180 చూపిస్తోంది, కాసేపటికి మామూలైపోతోంది. భయం వల్ల ఇంత పెరుగుతుందా? శ్వాసతో తగ్గుతుందా?"

పెరుగుతుంది, తగ్గుతుంది, రెండూ నాకు అనుభవమే.

నేను మిర్యాలగూడలో ఒక రైసుమిల్లులో లెక్కలు రాస్తాను. గత యాసంగి ధాన్యం వచ్చే రోజుల్లో ఒక రాత్రి ఒంటిగంటకు చెమటలు పట్టి, వేళ్లు తిమ్మిరెక్కి, ప్రాణం పోతున్నట్టుగా మెలకువ వచ్చింది. మిషను కట్టుకుంటే 176/102, నాడి 118. నమ్మకం కుదరక వెంటనే మళ్లీ నొక్కితే 182, మూడోసారి 188 వచ్చింది. భయానికి ఒంట్లో అడ్రినలిన్ విడుదలై గుండె వేగం పెరుగుతుంది, రక్తనాళాలు బిగుసుకుంటాయి. ఆ అంకెను చూసి కలిగే భయం తర్వాతి అంకెను ఇంకా పైకి తోస్తుంది.

మా ఆవిడ పక్కింటి అక్కను పిలుచుకొచ్చింది. ఆమె స్టాఫ్ నర్సుగా పనిచేసి రిటైరయ్యారు. ఛాతీలో నొప్పి ఉందా, మాట తడబడుతోందా, ఒక పక్క చేయి కాలు పట్టు తప్పుతున్నాయా, చూపు మసకబారిందా అని ముందుగా అడిగారు. వాటిలో ఏ ఒక్కటి ఉన్నా శ్వాస సంగతి పక్కన పెట్టి 108కి ఫోన్ చేయవలసిందే. ఏవీ లేవని తెలిశాక, "తమ్ముడూ, ఇక మిషను ముట్టకు" అని పట్టీ విప్పేశారు.

వీపు కుర్చీకి ఆనించి, పాదాలు నేలకు తాకేలా కూర్చోబెట్టారు. నేను గబగబా నోటితో గాలి పీలుస్తున్నాను. వేళ్ల తిమ్మిరికి కారణం అదేనని, అలా పీలిస్తే రక్తంలో బొగ్గుపులుసు వాయువు తగ్గిపోతుందని ఆమె చెప్పారు. ముక్కుతో నాలుగు అంకెలు లెక్కపెట్టేంతసేపు మెల్లగా తీసుకుని, ఆరు అంకెలదాకా వదలమన్నారు. అంటే నిమిషానికి ఆరు శ్వాసలు. గాలి ఎక్కువగా నింపుకోవడం కాదు, నిదానంగా వదలడమే ఇందులో కీలకం. వదిలేటప్పుడే గుండె వేగం తగ్గుతుంది. మొదటి రెండు నిమిషాలు ఆరు వరకు నిలవలేకపోయాను, నాలుగుకే ఊపిరి తెగిపోయేది. ఆమె తన వేళ్లు ఒక్కొక్కటిగా ముడుస్తూ లెక్క చూపించారు. పావుగంట తర్వాత చూస్తే 148/90, మరో అరగంటకు 134/84.

ఇలాంటప్పుడు నాలుక కింద బీపీ గోళీ పెట్టుకోమని సలహా ఇచ్చేవాళ్లు మా పక్క చాలామంది ఉన్నారు. దయచేసి ఆ పని చేయకండి. బీపీ ఒక్కసారిగా పడిపోతే మెదడుకు, గుండెకు రక్తం చాలదు.

తెల్లవారి తీయించిన ఈసీజీ బాగానే ఉంది. అయినా డాక్టరు గారు ఏడు రోజులు ఉదయం, సాయంత్రం ఐదు నిమిషాలు కూర్చున్నాక, నిమిషం తేడాతో రెండేసి సార్లు చూసి రాయమన్నారు. మొదటి రోజును వదిలేసి లెక్కకడితే సగటు 138/87 వచ్చింది. ఇంట్లో చూసుకునే బీపీకి 135/85 హద్దు కాబట్టి, ఆ రాత్రి అంకెలు భయానివే అయినా, భయం లేని రోజుల్లోనూ నాకు బీపీ ఉన్నట్టే. ఇప్పుడు ఉదయం మాత్ర వేసుకుంటున్నాను, రాత్రి పడుకునే ముందు పది నిమిషాలు ఆ నాలుగు, ఆరు లెక్క పెడుతున్నాను.