సర్వే ముగిసేసరికి ఇంకా జాబ్ రానివాళ్లని డేటాలోంచి తీసెయ్యొచ్చా?

ప్రశ్న: "జాబ్ పోయినవాళ్లని 12 నెలలు ఫాలో అయిన డేటా ఉంది నా దగ్గర. కొందరికి చివరి వరకు జాబ్ రాలేదు, కొందరు మధ్యలోనే ఫోన్ ఎత్తడం మానేశారు. వాళ్లని తీసేసి మిగతావాళ్ల మీద సగటు, రిగ్రెషన్ వేసుకుంటే సరిపోతుందా? ఇంకోటి, నెలలు గడిచేకొద్దీ జాబ్ దొరికే రేటు పడిపోతోంది, అంటే మనుషులు నీరసపడిపోతున్నారనేనా?"

తీసెయ్యకండి. నేను సరిగ్గా అదే పని చేసి పరువు పోగొట్టుకున్నాను కాబట్టి చెప్తున్నా. పీజీ ప్రాజెక్ట్‌లో ఇలాంటి డేటాలోనే "ఇంకా జాబ్ రాలేదు" అన్న వరుసలన్నీ మిస్సింగ్ అనుకుని డిలీట్ చేసేసి, యాభై దాటినవాళ్లకి కూడా కుర్రాళ్లతో సమానంగా తొందరగానే జాబ్ దొరుకుతోంది అని పెద్ద కనిపెట్టినట్టు రాసుకెళ్లా. మా గైడ్ టేబుల్ చూసి ఒక్కటే అడిగారు, నువ్వు తీసేసినవాళ్ల వయసెంత అని. వెళ్లి చూస్తే ఎక్కువమంది పెద్దవాళ్లే. జాబ్ దొరకని పెద్దవాళ్లందర్నీ నేనే బయటికి పంపేసి, దొరికిన కొద్దిమందిని పట్టుకుని "తొందరగానే దొరికింది" అంటున్నానన్నమాట.

చిన్న లెక్క వేసి చూపిస్తా, మనసులోనే చేసుకోవచ్చు. పదిమంది ఉన్నారనుకోండి, ఒక్కొక్కరు ఎన్ని నెలలు ఖాళీగా ఉన్నారో ఇది (ప్లస్ గుర్తు ఉంటే అక్కడి వరకు జాబ్ రాలేదని మాత్రమే తెలుసు, ఆ తర్వాత ఏమైందో తెలీదు):

1, 2, 2, 3, 3+, 5, 6+, 8, 12+, 12+

ప్లస్ ఉన్న నలుగుర్నీ తీసేస్తే మిగిలిన ఆరుగురి సగటు 21/6, మూడున్నర నెలలు. సరే తీసెయ్యకుండా ఉంచుదాం అని ఆ ప్లస్ గుర్తు పట్టించుకోకుండా అందరికీ జాబ్ వచ్చేసినట్టు సగటు వేస్తే 54/10, 5.4 నెలలు. ఇదీ తప్పే, ఎందుకంటే 12+ అన్నవాడికి 12వ నెలలో జాబ్ రాలేదు, మనం చూడ్డం మానేశాం అంతే. ఎడమ చివర తెలుసు, కుడి చివర తెగిపోయింది, అందుకే దీన్ని రైట్ సెన్సారింగ్ అంటారు.

మరి ఏం చెయ్యాలి అంటే, ప్రశ్ననే కొంచెం మార్చుకోవాలి. "మొత్తం ఎన్ని నెలలు పట్టింది" అని అడిగితే ఆ నలుగురి దగ్గర సమాధానం లేదు. "ఈ నెల మొదట్లో ఇంకా ఖాళీగా ఉన్నవాళ్లలో ఈ నెలలో ఎంతమందికి జాబ్ వచ్చింది" అని అడిగితే మాత్రం, మనం చూసినన్ని నెలలూ వాళ్ల దగ్గర కూడా సమాధానం ఉంది. ఆ రేటే హజార్డ్. 6+ అన్నావిడ ఆరు నెలల పాటు ప్రతి నెలా "రాలేదు" అని సమాధానం ఇచ్చింది, ఏడో నెల నుంచి మన లెక్కలో లేదు, అంతే. ఆవిడ ఇచ్చిన ఆరు సమాధానాలు పారేసే హక్కు మనకి లేదు, ఇవ్వని ఏడో సమాధానం మనమే రాసుకునే హక్కూ లేదు.

నెల నెలకీ హజార్డ్ మారదు, ఒకటే స్థిరమైన రేటు అనుకుంటే లెక్క మరీ తేలిక: వచ్చిన జాబులు 6, అందరూ కలిపి ఎదురుచూసిన నెలలు 54, కాబట్టి నెలకి 6/54, అంటే దాదాపు 0.11, సగటున 9 నెలలు. 3.5 ఎక్కడ, 9 ఎక్కడ చూడండి. సెన్సార్ అయినవాళ్లు పై సంఖ్యలో లేరు, కింద సంఖ్యలో మాత్రం ఉన్నారు, మొత్తం కిటుకు అదే. లైక్లీహుడ్‌లో కూడా ఇదే జరుగుతుంది: జాబ్ వచ్చినవాళ్లు సరిగ్గా ఆ టైమ్‌లో రావడానికి ఉన్న డెన్సిటీ `f(t)` ఇస్తారు, రానివాళ్లు అప్పటిదాకా రాకుండా ఉండే సంభావ్యత `S(t)` ఇస్తారు. `d` అనేది జాబ్ వస్తే 1, సెన్సార్ అయితే 0 అనుకుంటే, లాగ్ తీశాక ఒక్కో మనిషి వాటా

`d * log h(t) - H(t)`

ఇందులో `h` అంటే హజార్డ్, `H` అంటే అప్పటిదాకా పోగైన హజార్డ్. వీబుల్ డిస్ట్రిబ్యూషన్ పెట్టుకున్నా ఇంకేదైనా పెట్టుకున్నా ఫార్ములా ఇదే, `h` ఆకారం ఒక్కటే మారుతుంది.

కానీ ఆ 9 నెలల్ని కూడా మరీ నమ్మేయకండి. డేటా 12 నెలల దగ్గర ఆగిపోయింది, ఆ తర్వాత కూడా రేటు అలాగే ఉంటుందని మనమే అనుకున్నాం. ఏ ఆకారమూ అనుకోకుండా చూడాలంటే, ఏ నెలకి ఎంత వంతు మంది ఇంకా ఖాళీగా ఉన్నారో చూపించే కాప్లన్-మెయర్ గీత వెయ్యాలి. మొదటి నెల పదిమందిలో ఒకరు వెళ్లారు, మిగిలింది 0.9. రెండో నెల తొమ్మిదిమందిలో ఇద్దరు, 0.9ని 7/9తో గుణిస్తే 0.7. మూడో నెల ఏడుగురిలో ఒకరు, 0.6 (ఇక్కడ 3+ మనిషిని ఆ ఏడుగురిలో లెక్కపెట్టాలి, ఒకే నెలలో జాబూ సెన్సారింగూ పడితే జాబే ముందు జరిగిందనుకోవడం పద్ధతి). ఇప్పుడు ఐదుగురే మిగిలారు, ఐదో నెల ఒకరు, 0.48. 6+ ఆవిడ చప్పుడు లేకుండా వెళ్లిపోయింది, 0.48 మారలేదు కానీ మిగిలినవాళ్లు ముగ్గురయ్యారు, ఎనిమిదో నెల వాళ్లలో ఒకరు, 0.32. అక్కడితో ఆగిపోయింది. అంటే మీడియన్ 5 నెలలు అని ధైర్యంగా చెప్పొచ్చు, సగటు మాత్రం చెప్పలేం, ఎందుకంటే ఆ 0.32 వంతు మనుషులు ఎప్పటికి వెళ్తారో డేటాలో లేదు. 12 నెలల వరకే పరిమితం చేసి గీత కింద వైశాల్యం తీస్తే 6.52 వస్తుంది, రిపోర్టులో సగటు అడిగితే నేను అది రాసి "మొదటి 12 నెలల్లో" అని పక్కనే పెడతా.

ఆర్‌లో ఇదీ:

```r
library(survival)
df <- data.frame(
  nela = c(1,2,2,3,3,5,6,8,12,12),
  job  = c(1,1,1,1,0,1,0,1,0,0))
summary(survfit(Surv(nela, job) ~ 1, data = df))
survreg(Surv(nela, job) ~ 1, data = df, dist = "exponential")
```

రెండోదాంట్లో ఇంటర్‌సెప్ట్ 2.197 వస్తుంది, అది 9కి లాగ్. మీకు అది రాకపోతే ముందు `job` కాలమ్ చూడండి, 1 అంటే జాబ్ వచ్చింది అని ఉండాలి. చాలా సర్వే ఫైళ్లలో తలకిందులుగా 1 అంటే సెన్సార్డ్ అని ఉంటుంది, అలాగే ఎక్కించేస్తే ఏ ఎర్రరూ రాదు, హాయిగా 54/4 అంటే 13.5 నెలలు అని ఇచ్చేస్తుంది. నాకు ఒక సాయంత్రం మొత్తం దీనికే పోయింది.

ఇప్పుడు మీ డేటాలో అసలు తలనొప్పి, ఫోన్ ఎత్తనివాళ్లు. పైన చెప్పినదంతా ఒక షరతు మీద నిలబడింది: సెన్సార్ అయినవాడు, అదే నెలకి ఇంకా ఖాళీగా ఉన్న అలాంటి మరో మనిషి ఇద్దరికీ ముందుముందు జాబ్ వచ్చే అవకాశం ఒకటే అయ్యుండాలి. 12 నెలలకి సర్వే ఆగిపోవడం మన నిర్ణయం, దానికీ వాళ్ల జాబ్‌కీ సంబంధం లేదు, కాబట్టి 12+ ఉన్న ఇద్దరితో ఇబ్బంది లేదు. మధ్యలో మాయమైనవాళ్లు అలా కాకపోవచ్చు, జాబ్ వచ్చి వేరే ఊరెళ్లి నంబర్ మార్చి ఉండొచ్చు, లేదా విసుగొచ్చి ఎవరితోనూ మాట్లాడట్లేదేమో. సాఫ్ట్‌వేర్ ఇది కనిపెట్టలేదు, డేటాలోంచి పరీక్షించడం కూడా కుదరదు. నేను చేసేది రెండు చివర్లూ లెక్కేసి చూడటం. మన ఉదాహరణలో 3+, 6+ ఇద్దరికీ మాయమైన నెలలోనే జాబ్ వచ్చిందనుకుంటే 54/8, అంటే 6.75 నెలలు. ఇద్దరూ 12 దాకా ఖాళీగానే ఉన్నారనుకుంటే 69/6, అంటే 11.5. పదిమందిలో ఇద్దరు మాయమైతేనే ఇంత తేడా. మీకు ఆ రెండు చివర్లలోనూ ముగింపు మారకపోతే నిశ్చింతగా ఉండండి, మారితే ఆ రెండు అంకెలూ రాసేయండి.

ఇంకోటి, "వెళ్లిపోయారు" అంటే ఎక్కడికి వెళ్లారో విడిగా రాసుకోండి. ఆస్ట్రియా డేటా మీద ఆర్థికవేత్తలు కార్డ్, చెట్టీ, వెబర్ 2007లో చూపించింది ఇదే: నిరుద్యోగ భృతి అయిపోయే వారంలో నిరుద్యోగుల రిజిస్టర్ నుంచి బయటికెళ్లే హజార్డ్ ఒక్కసారిగా పైకి లేస్తుంది, కానీ నిజంగా కొత్త జాబ్‌లో చేరిన హజార్డ్ చూస్తే ఆ ఎగుడు చాలా చిన్నది. భృతి ఆగిపోయింది కాబట్టి రిజిస్టర్‌లో ఉండటం మానేశారు, జాబ్ దొరికి కాదు.

ఇక రేటు పడిపోవడం గురించి. నీరసం వల్లే అని అప్పుడే రాసెయ్యకండి. వందమందికి నెలకి 0.5, ఇంకో వందమందికి 0.1 హజార్డ్ అనుకోండి, ఎవరి రేటూ ఎప్పటికీ మారదు. మొదటి నెల 50 ప్లస్ 10, రెండొందల్లో 60 మంది వెళ్లారు, 30 శాతం. మిగిలింది 50 మంది, 90 మంది. రెండో నెల 25 ప్లస్ 9, 140లో 34, అంటే 24 శాతం. మూడో నెల 19 శాతం. ఒక్కడూ నీరసపడలేదు, తొందరగా దొరికేవాళ్లు ముందే వెళ్లిపోయి కష్టపడేవాళ్లు మిగిలారంతే. ఆర్థికవేత్త లాంకాస్టర్ 1979లోనే ఈ హెచ్చరిక చేశాడు, మోడల్‌లో చదువు, వయసు, ఇంకా కనబడని తేడాలు చేర్చేకొద్దీ ఆ పడిపోవడం తగ్గుతూ వస్తుంది. ఎంత మిగిలినా మీ డేటాతో "ఇది నీరసం, ఇది ఏరివేత" అని పూర్తిగా విడదీయడం కష్టమే, ఒక మనిషికి ఒకే స్పెల్, అంటే ఖాళీగా ఉన్న కాలం ఒక్కటే, ఉంటే మరీను. ఒకే మనిషివి రెండు మూడు స్పెల్స్ ఉన్నాయేమో ఫైల్లో చూసి చెప్పండి, ఉంటే కథ వేరేగా ఉంటుంది.

హజార్డ్ మీద రిగ్రెషన్ చేసే కాక్స్ మోడల్ వేస్తే గుర్తుల దగ్గర జాగ్రత్త, `coxph`లో కోఎఫిషియెంట్ ప్లస్ అంటే హజార్డ్ ఎక్కువ, అంటే జాబ్ తొందరగా వస్తుంది. `survreg`లో ప్లస్ అంటే టైమ్ ఎక్కువ, ఆలస్యంగా వస్తుంది. రెండూ పక్కపక్కన టేబుల్‌లో పెట్టి ఒకదానికొకటి వ్యతిరేకంగా వచ్చాయని కంగారు పడేవాళ్లని చాలామందిని చూశా.